ఒకే ప్రశ్నను రెండు రకాలుగా అడిగి, రెండు ఫలితాలనూ ప్రచురించండి

ప్రజాభిప్రాయ సర్వేలు నిర్వహించే సంస్థల బాధ్యులకు, ఆ ఫలితాలను ప్రచురించే సంపాదకులకు బహిరంగ లేఖ

గౌరవనీయులకు నమస్కారం.

మీ నివేదికల్లో ఒక ప్రశ్నకు ఒకే అంకె కనిపిస్తుంది. ఇంత శాతం మంది ఫలానా చర్యను సమర్థిస్తున్నారని, ఇంత శాతం మంది వ్యతిరేకిస్తున్నారని రాస్తారు. పక్కనే, పొరపాటుకు అవకాశం మూడు శాతం అటూ ఇటూ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆ మూడు శాతం ఎంతమందిని ఎంపిక చేసి అడిగారన్న దాన్ని బట్టి వచ్చే అనిశ్చితి మాత్రమే. ప్రశ్నలోని మాటలు వేరుగా ఉండి ఉంటే అంకె ఎంత మారేదో అది చెప్పదు. ఈ రెండో అనిశ్చితి చాలా సందర్భాల్లో మొదటిదాని కంటే ఎన్నో రెట్లు పెద్దది. పైగా దాన్ని కొలవడానికి అదనంగా ఒక్క ఇంటర్వ్యూ కూడా అక్కర్లేదు. సర్వేలోని ముఖ్యమైన ప్రశ్నను రెండు రకాల మాటలతో తయారుచేసి, ఎవరికి ఏది వెళ్లాలో యాదృచ్ఛికంగా నిర్ణయించి, సగం మందిని ఒక రకంగానూ మిగతా సగం మందిని మరో రకంగానూ అడిగితే సరిపోతుంది. ఇలా చేయండి, వచ్చిన రెండు ఫలితాలనూ ప్రచురించండి అని కోరడానికే ఈ లేఖ రాస్తున్నాను.

ఈ పద్ధతి కొత్తది కాదు. డోనాల్డ్ రగ్ 1941లో ప్రచురించిన ఒక చిన్న నివేదిక ఈ రంగంలో పనిచేసేవారందరికీ తెలిసినదే. అమెరికాలో ఒకేలాంటి రెండు నమూనాలను తీసుకుని, ఒక వర్గాన్ని "ప్రజాస్వామ్యానికి వ్యతిరేకంగా బహిరంగ ప్రసంగాలు చేయడాన్ని అమెరికా అనుమతించాలని మీరు అనుకుంటున్నారా?" అని అడిగారు. రెండో వర్గాన్ని "అలాంటి ప్రసంగాలను అమెరికా నిషేధించాలని మీరు అనుకుంటున్నారా?" అని అడిగారు. అనుమతించకపోవడమన్నా నిషేధించడమన్నా ఆచరణలో ఒకటే కాబట్టి రెండు ప్రశ్నలకూ ఒకే ఫలితం రావాలని ఎవరైనా అనుకుంటారు. మొదటి ప్రశ్నకు 62 శాతం మంది అనుమతించకూడదని, 21 శాతం మంది అనుమతించాలని చెప్పారు. 17 శాతం మంది ఏ అభిప్రాయమూ చెప్పలేదు. రెండో ప్రశ్నకు నిషేధించాలన్నవారు 46 శాతం, నిషేధించకూడదన్నవారు 39 శాతం, అభిప్రాయం చెప్పనివారు 15 శాతం.

ఈ అంకెలను సంపాదకులు ఒకసారి తమ దృష్టితో చూడాలి. మొదటి ప్రశ్న ఒక్కటే అడిగి ఉంటే, ఆంక్షలు కోరేవారు ఒప్పుకునేవారికి దాదాపు మూడు రెట్లు ఉన్నారని శీర్షిక వచ్చేది. రెండోది ఒక్కటే అడిగి ఉంటే, దేశం దాదాపు రెండుగా చీలిపోయిందని వచ్చేది. రెండు శీర్షికలూ సర్వే చెప్పినదాన్ని నిజాయితీగానే చెప్పినట్టు అవుతుంది. రెంటినీ పక్కపక్కన పెట్టినప్పుడే ఆ అభిప్రాయం అసలు ఎలా ఉందో తెలుస్తుంది.

ఇక్కడ ఒక లెక్క దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే ఈ ప్రయోగాల ఫలితాలను ప్రచురించేటప్పుడు ఎక్కువగా తప్పుదారి పట్టేది ఇక్కడే. మాటల తేడా వల్ల వచ్చిన మార్పు ఎంత? ఆంక్ష కోరినవారిని పోలిస్తే 62, 46 మధ్య తేడా 16 శాతం పాయింట్లు. ఆంక్ష వద్దన్నవారిని పోలిస్తే 39, 21 మధ్య తేడా 18. అభిప్రాయం చెప్పనివారిని తీసేసి, మిగిలినవారిని వందగా లెక్కిస్తే మొదటి ప్రశ్నలో ఆంక్ష కోరినవారు 75 శాతం, రెండో ప్రశ్నలో 54 శాతం అవుతారు. అప్పుడు తేడా 21. సమాచారం ఒకటే అయినా 16, 18, 21 అని మూడు జవాబులు వచ్చాయి. వీటిలో చివరిది పాఠ్యపుస్తకాల్లో తరచుగా కనిపిస్తుంది. అది మూడింటిలోనూ పెద్ద అంకె అని గమనించండి.

"చెప్పలేను" అన్నవారిని తీసేయడం అమాయకమైన సవరణలా కనిపిస్తుంది గాని, యాదృచ్ఛిక కేటాయింపు ఇచ్చిన బలాన్ని అది తగ్గిస్తుంది. రెండు సగాలూ ఒకేలా ఉన్నాయని మనం నమ్మగలిగేది ప్రశ్న అడిగే క్షణం వరకే. ప్రశ్న విన్న తర్వాత ఎవరు జవాబు చెప్పారు, ఎవరు తప్పుకున్నారు అన్నది ఆ ప్రశ్నలోని మాటల ప్రభావమే కావచ్చు. రగ్ ప్రయోగంలో 17, 15 దాదాపు సమానం కాబట్టి నష్టం తక్కువ. కానీ ఒక రకం మాటలకు ఐదు శాతం మంది, మరో రకానికి ఇరవై శాతం మంది తప్పుకుంటే, మిగిలిన రెండు గుంపులు ఒకే తరహా మనుషులు కారు. వాళ్లను పోలిస్తే వచ్చే తేడాలో మాటల ప్రభావం ఎంతో, మనుషుల తేడా ఎంతో విడదీయలేము. అందుకే అడిగినవారందరినీ హారంలో ఉంచి, "చెప్పలేను" అన్నదాన్ని కూడా ఒక జవాబుగానే లెక్కించి మూడు శాతాలనూ ప్రచురించాలి. ప్రశ్న తర్వాత వచ్చే ఏ కొలతనైనా ఆధారం చేసుకుని మనుషులను తొలగించడం ఇదే కారణంగా తప్పు. ఎవరు శ్రద్ధగా విన్నారో తెలుసుకునే పరీక్షా ప్రశ్న పెట్టాలనుకుంటే దాన్ని ప్రయోగానికి ముందే పెట్టాలి. తర్వాత పెడితే, ఏ రకం ప్రశ్న విన్నారన్నదే ఆ పరీక్షలో ఎవరు నెగ్గారన్నదాన్ని మార్చగలదు.

ఇక ఈ తేడాకు అర్థమేమిటి? మాటలు మార్చి జనాన్ని ఎటు కావాలంటే అటు తిప్పవచ్చని కొందరు తేల్చేస్తారు. జనానికి అసలు అభిప్రాయాలే లేవని మరికొందరు అంటారు. రెండూ తొందరపాటు మాటలే. 1986లో హిప్లర్, ష్వార్జ్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ ప్రశ్ననే తీసుకుని మరింత లోతుగా చూశారు. వాళ్లు చెప్పినదాని సారం ఇది. నిషేధించడం ఒక గట్టి చర్య, దానికి సరేననడం గట్టిగా వ్యతిరేకించడమే. అనుమతించడం కూడా ఒక చర్య, దానికి సరేననడం చురుగ్గా సమర్థించడమే. విషయం మీద పెద్దగా పట్టింపు లేనివారు ఈ రెంటిలో దేన్నీ భుజాన వేసుకోరు. నిషేధించాలా అంటే వద్దంటారు, అనుమతించాలా అన్నా వద్దంటారు. ఆ తర్వాత హోల్‌మన్ చేసిన పరిశీలనలు కూడా ఇదే వైపు చూపించాయి. రెండు ప్రశ్నలూ పిలిచేది ఒకే అభిప్రాయాన్ని. ఆ అభిప్రాయం అవును, కాదు అన్న రెండు గడుల్లోకి ఎక్కడ విడిపోతుందన్నది మాత్రం ప్రశ్నను బట్టి మారుతుంది.

ఈ వివరణ చేతిలో పెట్టుకుని రగ్ అంకెల దగ్గరకు మళ్లీ వెళితే ఒక విలువైన విషయం బయటపడుతుంది. అభిప్రాయం చెప్పినవారిని మాత్రమే ఉదాహరణకు తీసుకుందాం. నిషేధించాలని గట్టిగా చెప్పినవారు 54 శాతం. అనుమతించాలని గట్టిగా చెప్పినవారు 25 శాతం. రెండు ప్రశ్నలకూ అవునని చెప్పేవారు ఎవరూ ఉండరనుకుంటే, మిగిలిన 21 శాతం మంది ఏ ప్రశ్న అడిగినా కాదనేవారు. అంటే పాఠ్యపుస్తకాల్లో మాటల మాయగా చూపించే ఆ 21 పాయింట్లు నిజానికి మధ్యలో నిలబడిన ఒక వర్గం పరిమాణానికి అంచనా. ఆ వర్గంలో ఎవరున్నారో ఒక్కొక్కరినీ చూపించలేము, ఎందుకంటే ఒక్కో మనిషినీ ఒక్కో ప్రశ్నే అడిగాం. కానీ వర్గం ఎంత పెద్దదో చెప్పగలం. ఒకే ప్రశ్న అడిగే సర్వే ఈ మధ్యవారిని ఎప్పుడూ ఏదో ఒక పక్కన కలిపేస్తుంది. నాకు ఈ పద్ధతి మీద ఇంత పట్టుదల ఉండటానికి ప్రధాన కారణం ఇదే. తేడా అన్నది సర్వేలో దోషం కాదు, సర్వేలో మరెక్కడా దొరకని సమాచారం.

అప్పుడు ప్రతి ఒక్కరినీ రెండు ప్రశ్నలూ అడిగేస్తే పోలేదా అని మీ సంస్థల్లో ఎవరైనా అడగవచ్చు. అడిగితే లాభం లేదు. మొదటి ప్రశ్నకు అనుమతించకూడదని చెప్పిన మనిషి, నిమిషం తర్వాత నిషేధించాలా అని అడిగితే తన మొదటి మాటకు కట్టుబడి అవునంటాడు. మాట తప్పినట్టు కనిపించడం ఎవరికీ ఇష్టం ఉండదు కాబట్టి రెండో జవాబు మొదటిదాని నీడ అవుతుంది. మనం కొలవాలనుకున్న తేడా అక్కడే మాయమవుతుంది.

అమెరికాలో 1970ల్లో హోవార్డ్ షూమన్, స్టాన్లీ ప్రెసర్ ఈ ప్రయోగాన్ని మళ్లీ చేశారు. ఆ మూడు దశాబ్దాల్లో ఆంక్ష కోరేవారి శాతం రెండు రకాల ప్రశ్నల్లోనూ బాగా తగ్గింది. రెంటి మధ్య తేడా మాత్రం పోలేదు. దీని నుంచి మీకు నేరుగా పనికొచ్చే పాఠం ఒకటుంది. ఒకే రకం మాటలతో అడిగితే కాలంతో పాటు వచ్చే మార్పును నమ్మకంగానే చూడవచ్చు. కానీ పాత సర్వేలో ఒక రకంగా, కొత్త సర్వేలో మరో రకంగా అడిగి రెంటినీ ఒకే గీతలో కలిపితే, కాలం తెచ్చిన మార్పునూ మాటలు తెచ్చిన మార్పునూ ఎవరూ విడదీయలేరు. పాత ప్రశ్న భాష పాతబడిందని మార్చాల్సి వస్తే, కనీసం ఒక విడతలో పాతదాన్నీ కొత్తదాన్నీ చెరి సగానికి యాదృచ్ఛికంగా పంచి అడగాలి. అప్పుడే పాత గీతకూ కొత్త గీతకూ మధ్య ఉన్న దూరం తెలుస్తుంది. అమెరికాలోని జనరల్ సోషల్ సర్వే ఈ పని దశాబ్దాలుగా చేస్తోంది. "వెల్ఫేర్" కోసం ప్రభుత్వం చేస్తున్న ఖర్చు తక్కువా, ఎక్కువా, సరిపోయినంతా అని ఒక సగాన్ని అడుగుతారు. "పేదలకు సహాయం" కోసం చేస్తున్న ఖర్చు గురించి అదే ప్రశ్నను మరో వర్గాన్ని అడుగుతారు. 1980ల నుంచి చాలా విడతల్లో, ఖర్చు తక్కువగా ఉందన్నవారు మొదటి రకంలో సుమారు నాలుగో వంతు, రెండో రకంలో సుమారు మూడింట రెండు వంతులు. ఏ విడతలో చూసినా ఆ పెద్ద దూరం కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి, ఒక ఏడాది ఒక గీత కదిలితే అది జనం మారడం వల్లనే అని చెప్పే ఆధారం దొరుకుతుంది.

ఈ ఉదాహరణలో ఒక జాగ్రత్త కూడా ఉంది. అనుమతి, నిషేధం అన్న జంటలో రెండు ప్రశ్నలూ ఒకే వాస్తవ పరిస్థితిని చెబుతాయి. వెల్ఫేర్, పేదలకు సహాయం అన్న జంట అలాంటిది కాదు. మొదటిది వినగానే అమెరికన్ల మనసులో కొన్ని ప్రత్యేక ప్రభుత్వ పథకాలు, వాటి చుట్టూ ఉన్న రాజకీయ వివాదాలు మెదులుతాయి. రెండోది వింటే అంతకంటే విశాలమైనదేదో మెదులుతుంది. ఇక్కడ తేడాలో కొంత మాటల వన్నె వల్ల వచ్చింది, కొంత జనం నిజంగానే వేరే వస్తువు గురించి జవాబు చెప్పడం వల్ల వచ్చింది. ఇంకో అడుగు ముందుకు వెళితే, 2003 జనవరిలో ప్యూ సంస్థ సర్వేలో సద్దాం హుసేన్ పాలనను అంతం చేయడానికి ఇరాక్‌పై సైనిక చర్యను సమర్థిస్తారా అని అడిగితే 68 శాతం మంది అవునన్నారు. అమెరికా సైనికులు వేల సంఖ్యలో ప్రాణాలు కోల్పోవడమో గాయపడటమో జరిగినా సరేనా అని కలిపి అడిగితే 43 శాతం మందే అవునన్నారు. ఇది కూడా చాలా ఉపయోగకరమైన ప్రయోగమే, కానీ రెండో ప్రశ్నలో ఒక కొత్త సమాచారం, ఒక షరతు చేరాయి. దీన్ని మాటల మార్పు ప్రభావం అని ఒక్క పేరుతో పిలిస్తే పాఠకులు తికమకపడతారు. రెండు రకాల ప్రశ్నల మధ్య ఏం మారిందో, వాస్తవం మారిందా మాట మాత్రమే మారిందా అన్నది ప్రయోగం రూపొందించేటప్పుడే ఒక్క వాక్యంలో రాసిపెట్టుకోవాలి. ఆ వాక్యంలో "మరియు" అవసరమైతే రెండు మార్పులు ఒకేసారి చేసినట్టు. ఫలితం వచ్చాక దేని వల్ల వచ్చిందో ఎవరూ చెప్పలేరు.

ఇప్పుడు క్షేత్రస్థాయి విషయానికి వస్తాను. కాగితం మీద ఎంత చక్కగా ఉన్నా ఈ ప్రయోగాలు ఎక్కువగా చెడిపోయేది అక్కడే. ఎవరికి ఏ రకం ప్రశ్న వెళ్లాలన్నది ఇంటర్వ్యూ చేసే మనిషి చేతిలో ఉండకూడదు. ఉదయం ఒక రకం ఫారాలు, సాయంత్రం మరో రకం ఫారాలు ఇస్తే, ఉదయం ఇంట్లో దొరికేవారికీ సాయంత్రం దొరికేవారికీ ఉన్న తేడా ప్రయోగంలో కలిసిపోతుంది. పదిమంది సిబ్బందికి ఒక రకం, మరో పదిమందికి మరో రకం ఇస్తే ఇంకా నష్టం. ఎందుకంటే అడిగే తీరు మనిషికో రకంగా ఉంటుంది, అప్పుడు మనం వెయ్యి మందిని అడిగినా నిజంగా పోలుస్తున్నది ఇరవై మంది సిబ్బందినే. ట్యాబ్‌లోని ప్రోగ్రామ్ ఒక్కో జవాబుదారుకు విడివిడిగా, ఆ ప్రశ్న తెర మీదకు రావడానికి సరిగ్గా ముందు ఎంపిక చేయాలి. ప్రతి సిబ్బంది దగ్గరా, ప్రతి ప్రాంతంలోనూ రెండు రకాలూ దాదాపు సమానంగా వచ్చేలా చూడాలి. ఏ రకం చూపించిందో జవాబుతో పాటు నమోదు చేయాలి. ఈ చివరి మాట చెప్పాల్సిన అవసరం లేదనిపిస్తుంది గాని, రకం పేరు నమోదు కాని ప్రయోగానికి తర్వాత ఎవరూ ప్రాణం పోయలేరు.

అన్నీ సరిగా అమర్చినా, గుమ్మం దగ్గర జరిగేది వేరే. సిబ్బంది తెర మీద చూసి "నిషేధించాలని మీరు అనుకుంటున్నారా?" అని చదువుతారు. ఎదుటివారు అర్థం కానట్టు చూసి, మళ్లీ చెప్పండి అంటారు. సిబ్బంది మంచి మనసుతోనే, "అంటే, అలాంటివి ఉండనివ్వాలా వద్దా అని అడుగుతున్నామండీ" అని విడమరచి చెబుతారు. ఆ క్షణంలో రెండో రకం ప్రశ్న మొదటి రకం అయిపోయింది. తెర మీద, నమోదులో మాత్రం రెండో రకంగానే ఉంటుంది. ఇలాంటివి పది ఇంటర్వ్యూల్లో మూడింటిలో జరిగితే, అసలు తేడా 20 పాయింట్లు ఉన్నా మనకు కనిపించేది దాదాపు 14. రెండు రకాలకూ తేడా లేదని తేలితే జనం అభిప్రాయం స్థిరంగా ఉందని సంతోషించే ముందు, ప్రశ్నలు అసలు వేరువేరుగా వినిపించాయా అని చూడాలి. జవాబుదారు అనుమతితో ఆ ఒక్క ప్రశ్న వరకు ధ్వని రికార్డు చేసి, కొన్నింటిని యాదృచ్ఛికంగా ఎంచుకుని వినడం తప్ప దీన్ని పట్టుకునే నమ్మకమైన మార్గం నాకు కనిపించదు. శిక్షణలో సిబ్బందికి చెప్పాల్సింది కూడా ఒక్కటే. అర్థం కాలేదంటే అదే వాక్యాన్ని నెమ్మదిగా మళ్లీ చదవండి, మీ మాటల్లో చెప్పకండి.

కేటాయింపు సరిగా జరిగిందో లేదో తెలుసుకునే పరీక్ష సులువైనదే. వెయ్యి మందికి నాణెం ఎగరేసినట్టు విడివిడిగా పంచితే, ఒక సగం 469 కంటే తక్కువ గాని 531 కంటే ఎక్కువ గాని కావడం ఇరవైలో ఒకసారి జరుగుతుంది. 560, 440 అని వస్తే ప్రోగ్రామ్‌లోనో, మధ్యలో ఆగిపోయిన ఇంటర్వ్యూల్లోనో ఏదో జరిగిందని అనుమానించాలి. సిబ్బంది వారీగా కూడా ఇదే లెక్క చూడాలి. ఒక్కరి దగ్గరే ఒక రకం ఎక్కువగా పోగైతే, కష్టమైన ప్రశ్న వచ్చినప్పుడల్లా వాళ్లు ఇంటర్వ్యూను వదిలేసి మళ్లీ మొదలుపెడుతున్నారేమో కనుక్కోవాలి.

ఎంతమందిని అడగాలన్న దగ్గర మీ ఆందోళన నాకు తెలుసు. వెయ్యి మందిని ఒకే ప్రశ్న అడిగితే, సగం సగం జవాబులు వచ్చే ప్రశ్నకు పొరపాటు అవకాశం సుమారు 3.1 పాయింట్లు. రెండుగా పంచితే ఒక్కో సగంలో 500 మంది ఉంటారు కాబట్టి ఒక్కో రకానికి అది 4.4 అవుతుంది. ఇది నిజంగా చెల్లించే మూల్యం, దాచాల్సింది కాదు. రెండు సగాల మధ్య తేడాకు పొరపాటు అవకాశం ఇంకా ఎక్కువ, సుమారు 6.2. అంటే వెయ్యి మందితో 16 పాయింట్ల తేడాను సులభంగా పట్టుకోవచ్చు. నిజంగా 9 పాయింట్ల తేడా ఉంటే ఐదు ప్రయత్నాల్లో నాలుగుసార్లు గుర్తించగలం. 5 పాయింట్ల తేడాను అంతే నమ్మకంగా గుర్తించాలంటే ఒక్కో సగంలో దాదాపు 1,570 మంది కావాలి. కాబట్టి వెయ్యి మంది సర్వేలో 4 పాయింట్ల తేడా వచ్చి, అది గణాంకపరంగా నిలవకపోతే, మాటల ప్రభావం లేదని రాయకండి. అంత చిన్న ప్రభావాన్ని గుర్తించగల శక్తి ఈ సర్వేకు లేదని రాయండి. ఈ రెండు వాక్యాల మధ్య దూరం చాలా ఉంది.

దీనికంటే ప్రమాదకరమైనది ఉపవర్గాల లెక్క. స్త్రీల మీద ప్రభావం ఇంత, పురుషుల మీద ఇంత అని పట్టిక వేయాలన్న కోరిక అందరికీ ఉంటుంది. వెయ్యి మందిలో రెండు సమాన వర్గాలుంటే ఒక్కో గడిలో 250 మందే మిగులుతారు. రెండు వర్గాల ప్రభావాల మధ్య తేడాకు పొరపాటు అవకాశం 12 పాయింట్లు దాటుతుంది. మొత్తం ప్రభావాన్ని ఎంత నమ్మకంగా కొలిచామో, అంతే పరిమాణం ఉన్న వర్గాల మధ్య తేడాను అంతే నమ్మకంగా కొలవాలంటే నాలుగు రెట్ల మంది కావాలి. ఏ వర్గాన్ని చూస్తామో ముందే రాసిపెట్టకుండా, పది రకాలుగా విడదీసి ఒకదానిలో కనిపించినదాన్ని వార్తగా వేస్తే, అది చాలాసార్లు యాదృచ్ఛికతే.

అలాగని వర్గాల పోలిక వద్దని నేను అనడం లేదు, సరిగా చేస్తే అది ఎంత విలువైనదో చూపే అధ్యయనాలున్నాయి. 2011లో షుల్ట్, కాన్రాత్, ష్వార్జ్ ప్రచురించిన అధ్యయనంలో రెండు వేలకు పైగా అమెరికన్లను రెండుగా పంచారు. ఒక సగాన్ని "గ్లోబల్ వార్మింగ్" జరుగుతోందా అని, మరో సగాన్ని "క్లైమేట్ చేంజ్" జరుగుతోందా అని అడిగారు. డెమోక్రాట్లలో మొదటి పదానికి 87 శాతం, రెండో పదానికి 86 శాతం మంది అవునన్నారు, తేడా లేనట్టే. రిపబ్లికన్లలో మొదటి పదానికి 44 శాతం, రెండో పదానికి 60 శాతం అవునన్నారు. రెండు పార్టీల మధ్య ఉన్న అగాధం ఎంత లోతన్నది కూడా ఏ పదంతో అడిగారన్న దాన్ని బట్టి 43 పాయింట్లో 26 పాయింట్లో అవుతుంది. పార్టీల మధ్య విభజన గురించి రోజూ రాసే సంపాదకులు ఈ సంగతి మీద నిలకడగా ఆలోచించాలని నా విన్నపం. ఒక మెలిక మాత్రం గుర్తుంచుకోవాలి. ఇప్పటికే 87 దగ్గర ఉన్నవారికి పైకి వెళ్లే చోటు తక్కువ. కాబట్టి డెమోక్రాట్లు మాటలకు లొంగరని ఈ అంకెలతోనే తేల్చడం సరికాదు.

గట్టి అభిప్రాయం ఉన్నవారిని మాటలు కదిలించలేవు, కాబట్టి ముఖ్యమైన విషయాల్లో ఈ ప్రయోగాలు అనవసరం అని కొందరు సర్వే నిర్వాహకులు వాదిస్తుంటారు. వినడానికి ఇది సబబుగానే ఉంటుంది. క్రాస్నిక్, షూమన్ 1988లో ఇదే ఊహను చాలా ప్రయోగాల మీద పరీక్షించారు. అభిప్రాయం ఎంత తీవ్రమైనది, ఎంత ముఖ్యమైనది, ఎంత ఖాయమైనది అని జవాబుదారులనే అడిగి, వాటిని బట్టి మాటల ప్రభావం తగ్గుతుందా అని చూశారు. చాలావరకు తగ్గలేదు. అంటే ఈ విషయం మీద జనానికి స్పష్టత ఉంది కాబట్టి ఒక ప్రశ్న చాలు అని ముందుగానే చెప్పగల ఆధారం మీ దగ్గర గాని నా దగ్గర గాని లేదు. అడిగి చూడాల్సిందే.

ఈ పద్ధతి చెప్పలేనిది కూడా మీకు చెప్పాలి. సర్వేలో ఒక మనిషి ఒక రకం మాటలనే, ఒక్కసారే, ఎదురువాదన లేకుండా వింటాడు. బయట ప్రపంచంలో ఒక పక్షం ఒక మాట అంటే వెంటనే అవతలి పక్షం మరో మాట అంటుంది. చాంగ్, డ్రక్‌మన్ 2007లో చూపించినట్టు, సమాన బలం ఉన్న రెండు వాదనలను ఒకేసారి వినిపిస్తే వాటి ప్రభావాలు ఒకదాన్నొకటి చాలావరకు కొట్టేస్తాయి. కాబట్టి 16 పాయింట్ల తేడా వచ్చిందంటే, ఒక నాయకుడు పదం మారిస్తే దేశంలో 16 శాతం మంది మారతారని కాదు. ఈ ప్రయోగం కొలిచేది కొలత పరికరం స్వభావాన్ని, అభిప్రాయపు అంచుల్ని. ప్రచారం ఎంత పనిచేస్తుందన్నది వేరే ప్రశ్న, దానికి వేరే రూపకల్పన కావాలి. మీ వార్తల్లో ఈ రెండూ కలిసిపోకూడదు.

అందువల్ల మిమ్మల్ని అడిగేది కొద్దిపాటి పనే. సర్వే సంస్థలు ప్రతి విడతలోనూ శీర్షికకు ఎక్కే అవకాశం ఉన్న ఒకటి రెండు ప్రశ్నలను ఎంచుకుని, రెండో రకం మాటలను ముందే రాసి, రెంటి మధ్య ఏం మారిందో, ఏ వర్గాలను పోలుస్తారో ఇంటర్వ్యూలు మొదలయ్యే ముందే తేదీతో సహా దాఖలు చేయాలి. నివేదికలో రెండు ప్రశ్నలూ పూర్తి పాఠంతో, వాటికి ముందు అడిగిన ప్రశ్నలతో సహా ఉండాలి. జవాబుల సమాచారాన్ని ఇతరులకు ఇచ్చేటప్పుడు ఎవరు ఏ రకం విన్నారో తెలిపే నిలువు వరుస అందులో ఉండాలి. అది లేకుండా ఇస్తే మీ లెక్కను ఎవరూ సరిచూడలేరు.

సంపాదకుల విషయానికొస్తే, వార్తలో మొదటి వాక్యం ఇలా ఉంటే చాలు: "నిషేధించాలా అని అడిగినప్పుడు 46 శాతం మంది అవునన్నారు; అనుమతించాలా అని అడిగినప్పుడు 62 శాతం మంది కాదన్నారు." ఇది శీర్షికలో పట్టదన్న మాట నేను చాలాసార్లు విన్నాను. పట్టకపోతే శీర్షికలో శాతం వేయకండి, వార్త మొదటి పేరాలో రెండు అంకెలనూ ఒకే పరిమాణపు అక్షరాల్లో వేయండి. ఒక సంస్థ ఒకే రకం ప్రశ్నతో వచ్చిన అంకెను మీకు పంపితే, రెండో రకంగా అడిగారా అని తిరిగి అడగండి. అడగలేదని చెబితే ఆ మాటను కూడా వార్తలో రాయండి.

భవదీయుడు,
సర్వే సమాచార విశ్లేషణలో పనిచేస్తున్న ఒక పాఠకుడు